స్టాఫ్ నర్స్ రిక్రూట్‌మెంట్ ఫన్నెల్ షీట్: జులై–సెప్టెంబర్ 2025

గుంటూరు, 220 పడకల యూనిట్
తయారు చేసినది: హెచ్ఆర్ విభాగం, రిక్రూట్‌మెంట్ డెస్క్
ఎవరికి: మెడికల్ సూపరింటెండెంట్ గారు, నర్సింగ్ సూపరింటెండెంట్ మేడమ్, అకౌంట్స్ మేనేజర్ గారు
లెక్క ఎప్పటి వరకు: 30 సెప్టెంబర్ 2025 సాయంత్రం 6 గంటలు

ఈ షీట్‌లో జులై 1 నుంచి ఆగస్టు 31 లోపు దరఖాస్తు పెట్టిన 240 మందే ఉన్నారు. సెప్టెంబర్‌లో వచ్చిన దరఖాస్తులు కలపలేదు. కలిపితే ఇంకా పరీక్షకే పిలవని వాళ్లు కూడా లెక్కలోకి వచ్చి, శాతాలు లేనిపోని తక్కువ చూపిస్తాయి. అభ్యర్థుల పేర్లు, ఫోన్ నంబర్లు హెచ్ఆర్ దగ్గరి ఫైల్లో ఉన్నాయి, ఇక్కడ నంబర్లు మాత్రమే.

సార్, మేడమ్, టేబుళ్లలోకి వెళ్లే ముందు ఒక్క మాట. మనకు నర్సులు దొరకడం లేదని అందరం అనుకుంటున్నాం. ఈ మూడు నెలల్లో మనం 36 మందిని సెలెక్ట్ చేశాం, కావలసింది 24 మందే. సెలెక్ట్ అయిన 36 మందిలో 18 మంది మన చేయి దాటిపోయారు. మనుషులు దొరికారు, మనం నిలుపుకోలేకపోయాం.

1. దశలవారీ లెక్క

| దశ | సంఖ్య | ముందు దశ నుంచి శాతం | ఆగిపోయిన వాళ్లు |
|---|---|---|---|
| దరఖాస్తు | 240 | – | – |
| ఫోన్‌లో అర్హత తేలినవారు | 132 | 55.0% | 108 |
| పరీక్షకు హాజరు | 84 | 63.6% | 48 |
| పరీక్షలో పాస్ | 52 | 61.9% | 32 |
| ఇంటర్వ్యూలో సెలెక్ట్ | 36 | 69.2% | 16 |
| ఆఫర్ లెటర్ ఇచ్చాం | 30 | 83.3% | 6 |
| ఆఫర్ ఒప్పుకున్నారు | 22 | 73.3% | 8 |
| డ్యూటీలో చేరారు | 15 | 68.2% | 4 తప్పుకున్నారు, 3 నోటీసులో |

దరఖాస్తు నుంచి చేరిక వరకు మొత్తం కన్వర్షన్: 6.3%. సెలెక్షన్ నుంచి చేరిక వరకు: 41.7%. మనం చూసుకోవలసింది రెండోది.

ఫోన్ దశలో ఆగిన 108 మందిలో 41 మందికి నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబర్ లేదు. 31 మంది మూడుసార్లు చేసినా ఫోన్ ఎత్తలేదు. 22 మంది ఐసీయూ అనుభవం లేకుండా ఐసీయూ పోస్టుకు పెట్టారు. 14 మంది నైట్ డ్యూటీ చేయలేమన్నారు. రిజిస్ట్రేషన్ లేని 41 మందిలో 27 మంది నర్సింగ్ కోర్సు పాసై నంబర్ కోసం ఎదురుచూస్తున్న పిల్లలే. వాళ్లను తీసేయకుండా హోల్డ్ లిస్ట్‌లో ఉంచాను. అందులో 11 మందికి సెప్టెంబర్‌లో నంబర్ వచ్చేసింది.

పరీక్ష హాజరు గురించి ఒక మంచి మాట ఉంది. జులైలో బుధవారం ఉదయం 10 గంటలకు పెట్టేవాళ్లం. పిలిచింది 70 మందిని, వచ్చింది 36 మంది, అంటే 51.4%. ఆ టైమ్‌లో వేరే ఆస్పత్రిలో మార్నింగ్ డ్యూటీలో ఉన్న అమ్మాయి ఎలా వస్తుంది? నరసరావుపేట నుంచి బస్సెక్కి రావాల్సిన ఒకమ్మాయి ఫోన్‌లో ఈ మాటే అడిగింది. ఆగస్టు 2 నుంచి శనివారం మధ్యాహ్నం 3 గంటలకు మార్చాం. 62 మందిని పిలిస్తే 48 మంది వచ్చారు, 77.4%. రూపాయి ఖర్చు కాలేదు.

పరీక్షలో పోయిన 32 మందిలో 19 మంది మోతాదు లెక్కల దగ్గరే పోయారు. 500 ఎంఎల్ సెలైన్ 4 గంటల్లో ఎక్కాలి, సెట్ ఎంఎల్‌కు 20 చుక్కలు, నిమిషానికి ఎన్ని చుక్కలు? జవాబు 42. దీనికి 10 అని రాసినవాళ్లు, 125 అని రాసినవాళ్లు ఉన్నారు. ఈ ప్రశ్నను తేలిక చేయమని కొందరు సలహా ఇచ్చారు. నేను ఒప్పుకోలేను. పోస్టులు ఎంత ఖాళీగా ఉన్నా ఇక్కడ తగ్గకూడదు. మిగిలిన 13 మంది ప్రాక్టికల్‌లో ఆగారు. ఇంటర్వ్యూలో ఆగిన 16 మంది విషయంలో ప్యానెల్ నిర్ణయమే, చెప్పడానికి కొత్తేమీ లేదు.

2. ఎన్ని రోజులు పడుతోంది (చేరిన 15 మంది సగటు)

| ఎక్కడి నుంచి ఎక్కడికి | సగటు రోజులు |
|---|---|
| దరఖాస్తు → ఫోన్ | 2.1 |
| ఫోన్ → పరీక్ష | 4.6 |
| పరీక్ష → సెలెక్షన్ | 3.3 |
| సెలెక్షన్ → ఆఫర్ లెటర్ | 9.4 |
| ఆఫర్ లెటర్ → ఒప్పుకోలు | 2.8 |
| ఒప్పుకోలు → చేరిక | 17.5 |
| మొత్తం | 39.7 |

అందరికంటే త్వరగా చేరినవారికి 24 రోజులు, ఆలస్యంగా చేరినవారికి 66 రోజులు. వరుసలో నడిమి మనిషికి 37 రోజులు. అక్టోబర్‌లో చేరాల్సిన ముగ్గురికి 49, 61, 65 రోజులు అవుతాయి. వాళ్లను కలిపితే సగటు 42.8కి పెరుగుతుంది. అప్పుడు పరిస్థితి చెడిందని కంగారు పడవద్దు, నోటీసు పీరియడ్ ఉన్నవాళ్లు చివర్లో చేరడం వల్ల వచ్చే తేడా అది.

చివరి 17.5 రోజులు మన చేతిలో లేవు. పాత ఆస్పత్రి రిలీవ్ చేయాలి, అమ్మాయి హాస్టల్ మారాలి. కానీ 9.4 రోజులు పూర్తిగా మనవే. ఫైలు ఎక్కడ ఎన్నాళ్లు ఉందో రాశాను:

నర్సింగ్ సూపరింటెండెంట్ సంతకం 1.2 రోజులు, అకౌంట్స్‌లో జీతం ఖరారు 4.9, మెడికల్ సూపరింటెండెంట్ సంతకం 2.3, లెటర్ టైపు చేసి పంపడం 1.0. ఈ చివరి ఒక రోజు మా డెస్క్‌దే, దాన్ని పూటకు తగ్గిస్తాం.

ఇంకో విషయం. 9.4 అనేది చేరినవాళ్ల సగటు మాత్రమే. లెటర్ అందక వెళ్లిపోయిన ఆరుగురు ఈ సగటులో లేరు. వాళ్లు ఎదురుచూసిన రోజులు 9, 11, 12, 13, 14, 16. సగటు 12.5.

3. కొన్ని వరుసలు, ఉన్నవి ఉన్నట్టు

| నంబర్ | విభాగం | ఎలా వచ్చారు | దరఖాస్తు | సెలెక్షన్ | లెటర్ | చేరిక | మొత్తం రోజులు |
|---|---|---|---|---|---|---|---|
| న-031 | వార్డు | రిఫరల్ | 7-7 | 12-7 | 16-7 | 31-7 | 24 |
| న-044 | ఐసీయూ | పోర్టల్ | 11-7 | 19-7 | 4-8 | 15-9 | 66 |
| న-052 | ఎమర్జెన్సీ | నేరుగా | 14-7 | 18-7 | 25-7 | 19-8 | 36 |
| న-112 | ఐసీయూ | రిఫరల్ | 28-7 | 7-8 | పంపలేదు | వెళ్లిపోయారు | – |
| న-139 | ఓటీ | పోర్టల్ | 4-8 | 12-8 | 22-8 | 25-9 | 52 |
| న-151 | ఐసీయూ | రిఫరల్ | 6-8 | 18-8 | 29-8 | 6-10 చేరాలి | 61 |

న-112 గురించి చెప్పాలి. నాలుగేళ్లు ఐసీయూలో చేసింది, వెంటిలేటర్ పేషెంట్లను చూసింది, పరీక్షలో అన్ని లెక్కలూ సరిగ్గా చేసింది. ఆగస్టు 7 గురువారం సెలెక్ట్ చేశాం. మర్నాడు వరలక్ష్మీ వ్రతం, ఆ తర్వాత రెండో శనివారం, ఆదివారం. ఫైలు 11న అకౌంట్స్‌కు వెళ్లింది. ఆమె అడిగింది 28,000, మన దగ్గర ఆ అనుభవానికి ఇంత అని రాసి పెట్టుకున్న లెక్క లేదు. దాని మీద రెండుసార్లు నోట్ తిరిగింది. ఈలోగా స్వాతంత్ర్య దినోత్సవం, కృష్ణాష్టమి వచ్చాయి. 21న లెటర్ రెడీ అయి ఫోన్ చేస్తే, 18నే వేరేచోట చేరిపోయానని చెప్పింది. "మీ దగ్గరే చేరదామనుకున్నాను మేడమ్, లెటర్ వస్తుందో రాదో తెలియక టెన్షన్ పడి వెళ్లిపోయాను" అంది. అడిగిన జీతానికే అకౌంట్స్ ఒప్పుకుంది, లెటర్‌లో 28,000 అనే ఉంది. ఆ లెటర్ ఇంకా నా డ్రాయర్‌లో ఉంది.

4. సెలెక్ట్ అయ్యాక పోయిన 18 మంది

లెటర్ రాకముందే వెళ్లినవారు 6. అందరూ వేరే ఆస్పత్రుల్లో చేరారు.

లెటర్ అందాక వద్దన్నవారు 8. జీతం చాలదని 3, హాస్టల్ దూరమని 2, అప్పటికే వేరే ఆఫర్ ఉందని 2, విదేశీ ఉద్యోగం కోసం జర్మన్ భాష కోర్సులో చేరానని 1.

ఒప్పుకున్నాక తప్పుకున్నవారు 4. ఒకరిని పాత ఆస్పత్రి రిలీవ్ చేయలేదు. ఇంకొకరి ఒరిజినల్ సర్టిఫికెట్లు పాత యాజమాన్యం దగ్గరే ఉండిపోయాయి, ఎంత అడిగినా ఇవ్వలేదు. ఒకరికి ప్రభుత్వ కాంట్రాక్ట్ ఉద్యోగం వచ్చింది. ఒకరి ఇంట్లో నైట్ డ్యూటీకి ఒప్పుకోలేదు. ఈ సర్టిఫికెట్ల ప్రశ్న ఇకపై మొదటి ఫోన్‌లోనే అడుగుతున్నాం.

5. విభాగాలవారీగా

| విభాగం | కావాలి | చేరారు | అక్టోబర్‌లో | ఇంకా ఖాళీ | సగటు రోజులు |
|---|---|---|---|---|---|
| ఐసీయూ | 8 | 3 | 2 | 3 | 56.7 |
| వార్డు | 10 | 8 | 1 | 1 | 31.8 |
| ఓటీ | 3 | 2 | 0 | 1 | 46.5 |
| ఎమర్జెన్సీ | 3 | 2 | 0 | 1 | 39.5 |
| మొత్తం | 24 | 15 | 3 | 6 | 39.7 |

ఇంకా ఖాళీ 6. లెటర్ కోసం చూసి వెళ్లినవారూ 6.

6. ఎలా వచ్చారు

| దారి | దరఖాస్తులు | సెలెక్ట్ | చేరారు | చేరిక శాతం |
|---|---|---|---|---|
| మన స్టాఫ్ రిఫరల్ | 38 | 12 | 7 | 18.4% |
| నర్సింగ్ కాలేజీలు | 62 | 11 | 4 | 6.5% |
| జాబ్ పోర్టల్ | 104 | 8 | 2 | 1.9% |
| నేరుగా వచ్చినవారు | 36 | 5 | 2 | 5.6% |

మన సిస్టర్లు చెప్పి తెచ్చినవాళ్లకు ఇక్కడి డ్యూటీ, మెస్, హాస్టల్ సంగతి ముందే తెలుసు. అందుకే నిలుస్తున్నారు. రిఫరల్ చేసిన సిస్టర్లకు ఇస్తామన్న 2,000 ఇంకా నలుగురికి అందలేదు. దసరా లోపు ఇప్పించమని కోరుతున్నాను.

7. షీట్‌లో వాడిన సూత్రాలు

D దరఖాస్తు, E ఫోన్, F హాజరు, G పాస్, H సెలెక్షన్, I లెటర్, J ఒప్పుకోలు, K చేరిక, L తప్పుకున్న తేదీ, M కారణం. దశ దాటితేనే తేదీ వేయాలి, లేకపోతే గడి ఖాళీగా వదలాలి. గీత గానీ, "లేదు" అని గానీ రాస్తే లెక్క తప్పుతుంది.

ఆఫర్ శాతం, మొత్తం సగటు రోజులు, లెటర్‌కు పట్టిన సగటు రోజులు:

```
=COUNTA(I2:I241)/COUNTA(H2:H241)
=AVERAGE(FILTER(K2:K241-D2:D241, K2:K241<>""))
=AVERAGE(FILTER(I2:I241-H2:H241, K2:K241<>""))
```

సెలెక్ట్ అయి 3 రోజులు దాటినా లెటర్ వెళ్లకపోతే ఆ వరుస ఎర్రగా మారడానికి:

```
=AND($H2<>"",$I2="",$L2="",TODAY()-$H2>3)
```

8. అక్టోబర్‌కు కోరుతున్నవి

అనుభవాన్ని బట్టి జీతాల పట్టిక ముందే ఆమోదించండి. డ్రాఫ్ట్ జత చేశాను: ఫ్రెషర్‌కు 18,000, వార్డులో 1–3 ఏళ్లకు 22,000, ఐసీయూ అనుభవం 2–3 ఏళ్లుంటే 27,000, నాలుగేళ్లు, ఆపైన 28,000. పట్టికలో ఉన్న జీతానికి ఫైలు అకౌంట్స్‌కు వెళ్లకుండా నేరుగా సంతకానికి రావాలి, 3 రోజుల్లో లెటర్ పోవాలి. 9.4 రోజులు 3 అయితే మొత్తం 39.7 నుంచి 33.3కి దిగుతుంది. పట్టిక దాటి అడిగినవారి ఫైలే అకౌంట్స్‌కు పంపుతాం.

సెలవు రోజుల్లో సూపరింటెండెంట్ గారి బదులు ఎవరు సంతకం చేయాలో ఒక పేరు చెప్పండి.

ఐసీయూ ఖాళీల విషయంలో నర్సింగ్ సూపరింటెండెంట్ మేడమ్ చెప్పిన దారి నాకు నచ్చింది: వార్డు సీనియర్లలో ఇష్టమున్న ఇద్దరిని ఐసీయూ శిక్షణకు పంపి, ఆ ఇద్దరి చోట రిజిస్ట్రేషన్ వచ్చిన ఫ్రెషర్లను తీసుకోవడం. హోల్డ్ లిస్ట్‌లోని 11 మందికి అక్టోబర్ 4 శనివారం మధ్యాహ్నం 3 గంటలకు పరీక్ష పెట్టాను. తొమ్మిది మంది వస్తామని ఫోన్‌లో చెప్పారు. మిగతా ఇద్దరికి రేపు ఉదయం మళ్లీ చేస్తాను.