గ్రూప్ ప్రాజెక్టు సర్వే విషయమై డీన్ గారికి లేఖ

గౌరవనీయులైన డీన్ గారికి,

నమస్కారం. మా నలుగురి గ్రూప్ ప్రాజెక్టులో సర్వే పని నా స్నేహితుడిది. 60 మందిని అడిగానన్నాడు. ఫైల్ తెరిచి చూస్తే 12 మంది జవాబులే కొద్దికొద్దిగా మార్చి ఐదుసార్లు పెట్టినట్టు ఉంది. నిలదీస్తే ఒప్పుకున్నాడు, ఎవరికీ చెప్పొద్దని బతిమాలాడు.

నాకు జ్వరమొచ్చినప్పుడు రాత్రంతా పక్కన కూర్చున్నది అతనే. అందుకే ఈ ఉత్తరానికి నాలుగు రోజులు పట్టింది. కానీ ఆ రిపోర్టు మీద నా సంతకమూ ఉంది. మిగతా ఇద్దరికీ ఇంకా తెలియదు. మీకు రాస్తున్నానని అతనికి ముందే చెప్పాను. అప్పట్నుంచి నాతో మాట్లాడటం లేదు.

సర్వే ఫైల్ జతచేశాను. నిర్ణయానికి ముందు దయచేసి అతని మాట కూడా వినండి. సర్వే మళ్లీ చేయనిస్తే నేనూ అతని వెంట వెళ్తాను.

ఇట్లు,
మీ విద్యార్థి,
మూడో సంవత్సరం, గ్రూప్ 4