జ కింద ఞ

పన్నెండు దాటి నాలుగు నిమిషాలైంది. మాధవి దరఖాస్తును మూడోసారి మొదటినుంచి చదవడం మొదలుపెట్టింది.

ఉదయం పది గంటలకు గడువు. పేరు, పుట్టిన తేదీ, మార్కులు, బ్యాంకు ఖాతా, ఆదాయ ధ్రువపత్రం అన్నీ సాయంత్రమే నింపేసింది. అంకెలున్న చోట ఆమెకు భయం లేదు. కాగితం పక్కన పెట్టుకుని అంకెకు అంకె సరిచూసుకుంటే సరిపోతుంది. బెంగంతా చివరి పెట్టె గురించే. తన గురించి, తన చదువు గురించి, ఈ ఉపకార వేతనం ఎందుకు కావాలో 300 పదాలకు మించకుండా రాయమన్నారు. రాసింది 291 పదాలు. ఆ తొమ్మిది పదాలు మిగల్చడానికి నాలుగు రోజులు పట్టింది.

పెట్టె కింద ఆకుపచ్చ రంగులో "సమర్పించండి" అని ఉంది. దాని కింద చిన్న అక్షరాల్లో, "సమర్పించిన తరువాత మార్పులకు వీలుండదు" అని.

పక్క మంచం మీద శారద అటు తిరిగి పడుకుంది. ఆమె నిద్ర చెడకుండా మాధవి బల్లదీపాన్ని గోడవైపు తిప్పి, పెదవులు మాత్రమే కదిలిస్తూ చదువుకుంది.

"మా నాన్న దర్జీ. కొలతలు రాసుకునే పుస్తకంలోనే నేను అంకెలు నేర్చుకున్నాను. పదో తరగతి తరువాత నా చదువు ఆగిపోవలసిన పరిస్థితి వచ్చినప్పుడు మా లెక్కల మాస్టారు పరీక్ష రుసుము కట్టి..."

బాగానే ఉంది. నిజం చెప్పినట్టే ఉంది, జాలి కోసం చెప్పినట్టు లేదు. ఆ తేడా కోసమే ఆమె మొదటి రెండు చిత్తుప్రతులూ పక్కన పడేసింది. కష్టాలన్నీ వరుసగా పేర్చిన మొదటి ప్రతిని చదివి శారద, "ఇందులో నువ్వు కనిపించడం లేదు, నీ కష్టాలే కనిపిస్తున్నాయి" అంది. ఆ మాటకు ఆ పూటంతా కోపం వచ్చింది గానీ, మర్నాడు మళ్ళీ రాయడానికి కూర్చున్నప్పుడు దారి చూపించింది అదే.

మూడో పఠనం పూర్తయింది. తప్పేమీ కనిపించలేదు. వేలు ఆకుపచ్చ బొత్తాం దాకా వెళ్ళింది.

అక్కడ నాన్న గుర్తొచ్చాడు.

నాన్న చొక్కా కుట్టడం అయిపోయాక వెంటనే మడత పెట్టడు. దాన్ని తిరగేసి, లోపలి వైపు నుంచి ప్రతి కుట్టునూ వేలితో తడుముతాడు. పైనుంచి చూస్తే అన్నీ బాగానే కనిపిస్తాయి, ఎందుకంటే ఎలా ఉండాలని అనుకున్నామో అలాగే కన్ను చూస్తుంది అంటాడు. తప్పిన కుట్టు లోపలి వైపే దొరుకుతుందట.

రాసినదాన్ని తిరగేయడం ఎలా? చివరి వాక్యం నుంచి మొదటి వాక్యానికి రావడమే. అప్పుడు కథ నడవదు, అర్థం చేయి పట్టుకుని లాక్కుపోదు. ఏ వాక్యానికా వాక్యం ఒంటరిగా నిలబడుతుంది.

మాధవి ఒక పోస్టుకార్డును తెరకు ఆనించి, చివరి వాక్యం ఒక్కటే కనిపించేలా పైనున్న వరుసలన్నీ కప్పేసింది. ఒక్కొక్క అక్షరం మీదా పెన్ను మొన ఉంచుతూ చదివింది.

"ఈ సహాయం అందితే మీ సంస్థ పట్ల జీవితాంతం కృతఘ్నతతో..."

పెన్ను అక్కడే ఆగింది.

జ కింద ఞ వత్తు ఉండవలసిన చోట ఘ కింద న వత్తు ఉంది.

మొదట కళ్ళు అలసిపోయాయేమో అనుకుంది. అక్షరాలను పెద్దవి చేసి చూసింది. ఘ ఇంకా పెద్దదై కనిపించింది. చెవులు వేడెక్కాయి. గదిలో ఎవరూ చూడకపోయినా చప్పున తెర మీద అరచెయ్యి అడ్డం పెట్టింది.

ఎనిమిదో తరగతిలో తెలుగు పంతులమ్మ చెప్పిన పాఠం ఆ అరచెయ్యి వెనక నుంచే గుర్తుకొచ్చింది. కృతం అంటే చేసినది, చేసిన మేలు. దానికి "జ్ఞ" చేరితే ఆ మేలు తెలిసి ఉన్నవాడు, సర్వజ్ఞుడిలో ఉన్నట్టు. "ఘ్న" చేరితే ఆ మేలును చంపేవాడు, శత్రుఘ్నుడిలో ఉన్నట్టు. అంటే ఆమె ఒక సంస్థను డబ్బు అడిగి, ఇస్తే మీ మేలును జీవితాంతం చంపుతూ ఉంటానని మాట ఇచ్చింది. 291 పదాల్లో అన్నిటికన్నా మనస్ఫూర్తిగా రాసిన పదం అదే.

గొంతులోంచి ఒక వింత చప్పుడు వచ్చింది. శారద ఇటు తిరిగింది.

"ఏమైంది? ఏడుస్తున్నావా?"

"ఇది చదువు. చివరి వాక్యం."

శారద లేచి వచ్చి, కళ్ళు నులుముకుని, చిన్నగా పైకి చదివింది. చదివి, "బాగానే ఉందిగా" అంది.

"మళ్ళీ చదువు. అక్షరాలు చూసి."

రెండోసారి శారద నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆపుకోవడానికి మంచం అంచు మీద కూర్చుంది. మాధవి ముఖం చూశాక ఆ నవ్వు ఆగిపోయింది.

"నిన్న నేనూ రెండుసార్లు చదివాను కదా. నాకెందుకు కనిపించలేదు?"

"పైకి చదివావు కాబట్టి. మనం రెండింటినీ ఇంచుమించు ఒకేలా పలుకుతాం. నోరు కృతగ్నత అనేస్తుంది, చెవి ఒప్పేసుకుంటుంది."

"మరి కంప్యూటర్ పట్టుకోవద్దా? అక్షరం తప్పుపోతే కింద ఎర్ర గీత గీస్తుంది కదా."

"ఎందుకు గీస్తుంది? ఇది అక్షరం తప్పు కాదు, నిఘంటువులో ఉన్న మంచి మాటే. నేను అనుకున్న మాట కాదు, అంతే."

పొరపాటు ఎక్కడ జరిగిందో ఇప్పుడు ఆమెకు కళ్ళకు కట్టినట్టు కనిపిస్తోంది. చెవికి వినిపించినట్టే ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టింది. జె ఉండవలసిన చోట జి పడింది. ఫోను రెండు మూడు మాటలు పక్కపక్కనే చూపించింది. బొటనవేలు మొదటిదాన్ని తాకింది.

"సరే, దొరికింది కదా. దిద్దెయ్" అంది శారద. "ఇంకా పంపలేదు. నీ అదృష్టం."

మాధవి దిద్దింది. "ఘ్న" చెరిపి, జ కొట్టి, దాని కింద ఞ వచ్చిందో లేదో రెండుసార్లు చూసుకుంది. శారద మళ్ళీ మంచమెక్కి దుప్పటి కప్పుకుంది. గది నిశ్శబ్దమైంది.

కానీ మాధవి వేలు బొత్తాం వైపు వెళ్ళలేదు. ఫోను. తను దరఖాస్తు కొట్టింది ఫోనులో కాదు, ఈ కంప్యూటర్‌లో. మరి ఫోనులో కొట్టినట్టు అంత స్పష్టంగా గుర్తొస్తున్నది ఏమిటి?

ఆ వాక్యం ఈ నాలుగు రోజుల్లో రాసింది కాదు. ఎక్కడినుంచో తెచ్చి అతికించుకుంది.

ఫోను తీసి, పాత సందేశాల్లో వెతుక్కుంటూ వెనక్కి వెళ్ళింది. దాదాపు రెండేళ్ళు వెనక్కి. డిగ్రీలో సీటు వచ్చిన రోజు లెక్కల మాస్టారికి పంపిన సందేశం దొరికింది. పెద్ద సందేశమే. అప్పుడు దాన్ని పంపడానికి ముందు కన్నీళ్ళు పెట్టుకున్న సంగతి కూడా గుర్తుంది. చివరి వాక్యం దగ్గర ఆగింది.

"మీరు చేసిన మేలుకు మీ పట్ల జీవితాంతం కృతఘ్నతతో ఉంటాను మాస్టారూ."

ఇక్కడ చెరపడానికి లేదు. వెళ్ళిపోయింది. ఆయన చదివారు. తన రుసుము కట్టి, నాలుగు నెలలు తెల్లవారుజామున పాఠం చెప్పిన మనిషి, ఇరవై ఏడేళ్ళు నల్లబల్ల మీద పిల్లల తప్పులు దిద్దిన మనిషి, ఈ వాక్యం చదివి ఏమనుకుని ఉంటారు? ఇందాకటి సిగ్గు ముఖం మీద పుట్టి ముఖం మీదే చల్లారింది. ఇది అలా కాదు. కడుపులోకి రాయిలా దిగింది.

ఆ తరువాత ఆయనను మూడుసార్లు కలిసింది. ఒక్కసారి కూడా ఆ ప్రస్తావన తేలేదు. ఎప్పటిలాగే మార్కులు అడిగారు, ఏ లెక్కలు కష్టంగా ఉన్నాయో అడిగారు. కిందటి వారం ఈ దరఖాస్తుకు సిఫారసు లేఖ కావాలంటే అడిగిన పూటే రాసి పంపారు.

ఆ సందేశం కింద ఆయన జవాబు ఉంది. అప్పుడు చదివింది. ఆ సంతోషంలో కళ్ళతో తడిమి వదిలేసిందేమో. ఇప్పుడు పోస్టుకార్డు లేకుండానే ఒక్కొక్క అక్షరం మీదా ఆగుతూ చదివింది.

"అమ్మా మాధవీ, నీ కృతజ్ఞత అందింది. కృతజ్ఞత అనేది మంచి మాట. దాన్ని జాగ్రత్తగా ఉంచుకో. బాగా చదువుకో."

అప్పట్లో ఇదొక పెద్దాయన ఆశీర్వచనం అనుకుంది. ఎవరైనా "నీ సందేశం అందింది" అంటారు గానీ "నీ కృతజ్ఞత అందింది" అంటారా అని కూడా ఆలోచించలేదు. చిన్న జవాబులో ఆ మాట రెండుసార్లు ఉంది. రెండుసార్లూ జ కింద ఞ, ఎక్కడా పొల్లుపోకుండా.

ఆయన దిద్దారు. దిద్దినట్టు తెలియకుండా దిద్దారు. పక్కన ఎర్ర గుర్తు పెట్టకుండా, సరైన రూపాన్ని ఎదురుగా పెట్టి, ఎప్పుడో ఒకప్పుడు తనే చూసుకుంటుందని వదిలేశారు. లెక్క తప్పుచేసినప్పుడూ ఇంతే కదా. "తప్పు" అనేవారు కాదు. పక్కనే అదే లెక్కను తను మళ్ళీ మొదటినుంచి చేసి, సుద్దముక్క ఆమె చేతికిచ్చి, రెండింటినీ చూడమనేవారు.

మాధవి ఫోనును ఒళ్ళో పెట్టుకుని కాసేపు అలాగే కూర్చుంది. రాయి ఇంకా ఉంది, కానీ బరువు మారింది.

తరువాత కంప్యూటర్ వైపు తిరిగి, పోస్టుకార్డు మళ్ళీ అందుకుంది. చివరినుంచి రెండో వాక్యం, మూడో వాక్యం, నాలుగోది. ఒకచోట "విద్యార్థి"లో థ బదులు ధ పడింది. ఒకచోట పూర్ణవిరామం లేదు. "పరీక్ష రుసుము కట్టి" అన్న వాక్యం దగ్గర ఆగి, మిగిలిన తొమ్మిది పదాల్లో నాలుగు ఖర్చుపెట్టింది: "నా తప్పులు నొప్పించకుండా దిద్ది". ఇప్పుడు 295. మొదటి వాక్యం దాకా వచ్చేసరికి ఒంటిగంట దాటింది.

ఆకుపచ్చ బొత్తాం నొక్కింది. చిన్న చక్రం తిరిగి, దరఖాస్తు సంఖ్య వచ్చింది. దాన్ని పుస్తకంలో రాసుకుంది.

ఇక మాస్టారి సందేశం మిగిలింది. ఆయన ఇప్పుడు నిద్రపోతూ ఉంటారు. పొద్దున పంపవచ్చు. కానీ రాసి ఉంచడానికి పొద్దుటిదాకా ఆగలేకపోయింది. ఫోను పక్కన పెట్టి, ఒక తెల్లకాగితం తీసుకుంది. వేలు జారడానికి, ఫోను మాట అందివ్వడానికి ఇక్కడ వీలులేదు.

"మాస్టారూ, మీ జవాబు ఈ రాత్రే చదివాను" అని రాసింది. తరువాతి వరుసలో క కింద వట్రసుడి పెట్టింది. త రాసింది. జ రాసి, పెన్ను కిందికి దించి, ఞ వత్తును నెమ్మదిగా చుట్టడం మొదలుపెట్టింది.