మా ప్రణవ్ టీసీ గురించి ప్రిన్సిపాల్ మేడం గారికి, టీచర్లందరికీ

ప్రిన్సిపాల్ మేడం గారికి, ఐదో తరగతి బి సెక్షన్ టీచర్లందరికీ నమస్కారమండి.

నేను బి సెక్షన్ ప్రణవ్ వాళ్ళ అమ్మని. వాళ్ళ నాన్నకి ఉద్యోగంలో ట్రాన్స్‌ఫర్ వచ్చింది, సంవత్సరం మధ్యలో పిల్లాణ్ణి కదపడం ఎందుకు, పరీక్షలయ్యేదాకా మేమిద్దరం ఇక్కడే ఉందామా అని చాలా ఆలోచించాం కానీ వాడు నాన్నని వదిలి ఉండనన్నాడు, మాకూ అదే మంచిదనిపించింది. అందుకని ఈ నెల 28 వాడికి మీ స్కూల్లో ఆఖరి రోజు. దయచేసి టీసీ, స్టడీ సర్టిఫికెట్, ఒకటో తరగతి నుంచి ఇప్పటిదాకా మార్కుల రికార్డు ఇప్పించండి. ఫీజు ఈ టర్మ్ వరకు కట్టేశాం, లైబ్రరీ పుస్తకాలు రెండూ సోమవారం వాడి చేతే పంపిస్తాను. టీసీలో పేరు, ఇంటిపేరు స్పెల్లింగు, పుట్టిన తేదీ మాత్రం బర్త్ సర్టిఫికెట్‌తో ఒకసారి సరిచూసి రాయమని ఆఫీసువాళ్ళకి చెప్పండి మేడం, రెండో తరగతి రిపోర్ట్ కార్డులో ఇంటిపేరులో ఒక అక్షరం పోయింది, అదే ఇందులోకీ వచ్చేస్తే తర్వాత దిద్దించుకోవడం చాలా కష్టం.

ఇక్కడితో అప్లికేషన్ అయిపోయినట్టే కానీ అసలు చెప్పాల్సింది ఇంకోటి ఉంది.

ప్రణవ్‌కి నత్తి ఉందని మీ అందరికీ తెలుసు. ఒకటో తరగతిలో చేరినప్పుడు వాడికి అన్నిటికంటే కష్టమైన మాట వాడి పేరే. ‘ప్ర’ దగ్గర పెదాలు బిగుసుకుపోయేవి, మెడ నరాలు కనపడేవి, మాట మాత్రం బయటికి వచ్చేది కాదు. నత్తి ఉన్న చాలామందికి సొంత పేరు దగ్గరే ఇలా అవుతుందని స్పీచ్ థెరపీ మేడం చెప్పేదాకా మాకూ తెలీదు, పేరు బదులు ఇంకో మాట వాడే వీలుండదు కదా. హాజరు పిలిచేటప్పుడు ‘ప్రెజెంట్’ అనాలి, అదీ ‘ప్ర’నే! పొద్దున్న లేవగానే వాడికి గుర్తొచ్చేది ఆ హాజరే.

మూడో తరగతి క్లాస్ టీచర్ గారు అప్పుడు చేసింది చాలా చిన్న పని అండి. వాడొక్కడి కోసం అని కాకుండా క్లాసు మొత్తానికీ పద్ధతి మార్చేశారు, ఎవరికి ఇష్టమైతే వాళ్ళు చెయ్యెత్తొచ్చు, లేదా ‘ఉన్నా మేడం’ అనొచ్చు అన్నారు. సగం మంది పిల్లలు సరదాగా చెయ్యెత్తడం మొదలుపెట్టారు, మావాడు వాళ్ళలో కలిసిపోయాడు. ఆ వారం నుంచి పొద్దున్నే కడుపునొప్పి అనడం మానేశాడు. మేడం, మీరు ఇప్పుడు వేరే సెక్షన్‌కి చెప్తున్నారు, అయినా ఈ ఉత్తరం మీ దాకా రావాలని రాస్తున్నాను.

తెలుగు మేడం పద్యాలు చదివించే పద్ధతి కూడా చెప్పాలి. ముందు అందరి చేతా కలిపి చదివిస్తారు, తర్వాత ఇద్దరిద్దరి చేత, ఆ తర్వాతే ఒక్కొక్కరు. నలుగురితో కలిసి చదివితే వాడికి నత్తి దాదాపు ఉండదు, పాట పాడినా రాదు. జతగాడు పక్కనుంటే ఇప్పుడు పద్యం మొత్తం ఆగకుండా చెప్తాడు. లెక్కల సార్ అయితే వాడు మాట మధ్యలో ఆగిపోతే అందించరు, తొందరపెట్టరు, గడియారం చూడరు, వాడి మొహంలోకే మామూలుగా చూస్తూ నిలబడతారంట. ‘సార్ నా ఆన్సర్ అయ్యేదాకా ఉంటారమ్మా’ అని వాడు ఇంటికొచ్చి చెప్పాడు. నాకు అంతకంటే ఏం కావాలి సార్.

ఒక్క విషయంలో మాత్రం మనసు నొచ్చుకుంది, అదీ చెప్పేస్తాను. ఈసారి ఓరల్ టెస్టులో సైన్స్‌కి 20కి 6 వేశారు, అదే పాఠాలకి రాత పరీక్షలో 18 వచ్చాయి. టైమ్‌లోపు చెప్పలేకపోయాడని తగ్గించారట. కింద రిమార్కులో ‘సరిగ్గా ప్రిపేర్ అవ్వలేదు’ అని ఉంది. చదవలేదనడం వేరు, చదివింది నోటితో చెప్పడానికి ఎక్కువ టైమ్ పట్టడం వేరు కదండీ. ఆ రోజు వచ్చిన టీచర్‌కి వీడి సంగతి తెలీకపోవచ్చు, వారి మీద నాకు కోపం లేదు. కానీ ఈ కాగితం కొత్త స్కూలుకి వెళ్తుంది, అక్కడివాళ్ళు మా అబ్బాయిని చూసేలోపే ఆ రిమార్కు చూస్తారు. వీలైతే వాణ్ణి ఇంకోసారి కూర్చోబెట్టి, టైమ్ పెట్టకుండా అవే ప్రశ్నలు అడగండి. అది కుదరకపోతే ఆ రిమార్కు తీసేసి నత్తి వల్ల ఎక్కువ టైమ్ అవసరం అని ఒక లైను రాయండి. నత్తి ఉన్నట్టు రికార్డులో ఉండటం మాకు నామోషీ కాదు, చదవడు అని ఉంటేనే బాధ.

ఇంకో కోరిక క్లాస్ టీచర్ గారికి. మార్కులతో పాటు, వీడితో ఏది పనిచేసిందో ఏది పనిచేయలేదో మీ చేత్తో ఒక పేజీ రాసిస్తారా? తల్లి చెప్తే కొడుకు మీద ప్రేమతో చెప్తోందిలే అనుకుంటారు, రోజూ పాఠం చెప్పిన టీచర్ రాస్తే ఆ మాటకుండే బరువు వేరు. ముఖ్యంగా ఒకటి తప్పకుండా రాయండి. ఒకరోజు గడగడా మాట్లాడేసి మర్నాడు ఒక్క మాటకీ ఇబ్బంది పడతాడు, అది నత్తి తీరే అంత, వేషాలు వేస్తున్నాడని కొత్తవాళ్ళు అనుకోకూడదు. ‘నెమ్మదిగా చెప్పు, ఊపిరి పీల్చుకో’ అంటే ఇంకా బిగుసుకుపోతాడని కూడా రాయండి. క్లాసులో ఎవరైనా వెక్కిరిస్తే మీరు వాడి ముందు కాకుండా ఆ పిల్లల్ని విడిగా పిలిచి మాట్లాడేవారు, అది వాడికి చాలా నయమైంది, అదీ ఉంటే బాగుంటుంది.

వెళ్ళిపోతున్నట్టు క్లాసులో ఇంకా ఎవరికీ చెప్పలేదు వాడు. 28న తనే చెప్తానంటున్నాడు, బోర్డు దగ్గర నిలబడి, తన పేరుతో మొదలుపెట్టి. ఇంట్లో ప్రాక్టీసు చేస్తున్నాడు, ఒక్కోసారి వస్తోంది ఒక్కోసారి రావట్లేదు. ఆ రోజు ఆఖరి పీరియడ్‌లో వాడికి కాస్త టైమ్ ఇవ్వండి, ఎవర్నీ మధ్యలో అందించనివ్వకండి. చివరి నిమిషంలో వద్దంటే బలవంతం చేయకండి, చెయ్యి ఊపి వచ్చేస్తాడు.

టీసీ కోసం నేను 27 మధ్యాహ్నం ఆఫీసుకి వస్తాను, సంతకాలు ఏమైనా ఉంటే అప్పుడే పెట్టేస్తాను. వాళ్ళ నాన్న సంతకం కూడా కావాలంటే ముందే డైరీలో రాసి పంపండి, ఆయన 25 రాత్రే బయల్దేరి వెళ్ళిపోతున్నారు.

అందరికీ పేరుపేరునా థాంక్స్ అండి. గేటు దగ్గర రోజూ వాడు పేరు చెప్పేదాకా నవ్వుతూ ఆగే వాచ్‌మన్ తాతకి కూడా మా తరఫున చెప్పండి.

ఇట్లు,
ప్రణవ్ వాళ్ళ అమ్మ
ఐదో తరగతి, బి సెక్షన్, రోల్ నంబర్ 23