నీకొద్దు, నాకొద్దు

ఆనందపురం సెంటర్లో ఆటో ఎక్కితే ఇరవై నిమిషాల్లో మా ఊరు. ఊరికి ఒకటే కొట్టు, సన్యాసిరావు మావది.

ఏడాది కిందట వేసవి గాలివానకి చింతచెట్టు తొర్రలోంచి ఒక చిలకపిల్ల కొట్టు ముందు పడింది. ఈకలు కూడా సరిగ్గా రాలేదు. పిల్లలు పంజరం కొనమన్నారు. రామచిలకని పంజరంలో పెడితే 1972 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం నేరమని బడి మేస్టారు చెప్పారు. మావకీ పంజరం ఇష్టం లేదు. బియ్యం బస్తా మీద గోనెసంచి పరిచి, నానబెట్టిన శనగలు మెత్తగా నలిపి పెట్టి బతికించాడు. రెక్కలొచ్చాక ఎగిరిపోయింది. మర్నాడు పొద్దున్న మావ తలుపు తీసేసరికి కాటా మీద కూర్చునుంది! అప్పట్నుంచి పగలు కొట్టు, రాత్రి చింతచెట్టు.

అత్త దానికి "సింహాద్రప్పన్నా" అనడం నేర్పాలని మూడు నెలలు ఓపిగ్గా చెప్పింది. చిలక తల వంచి వినేది, కిక్కురుమనేది కాదు. ఒకరోజు కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల చింతపండు అడిగింది.

"పావుకేజీ యాభై" అన్నాడు మావ.

"ఓలమ్మో! అంత రేటే!"

మావ తలెత్తి చూశాడు. ఆ పిల్ల నోరు తెరవలేదు, పాపం బెదిరిపోయి యాభై నోటు చాపి నిలబడింది.

"సంతలో తక్కువే బాబూ! తగ్గించీ!" అంది కాటా మీంచి చిలక.

అచ్చం పైడమ్మ పెద్దమ్మ గొంతు. డెబ్బై ఏళ్ల మనిషి, ఉప్పు పేకెట్టుకి కూడా అరగంట బేరమాడేది. చిలకకి గురువు ఇంకెవరవుతారు? మావ నవ్వాపుకోలేక ఐదు రూపాయలు వదిలేశాడు.

అదే తప్పయింది. కబురు ఊరంతా పాకింది. నోట్లో నాలుక లేనివాళ్లంతా కొట్టుకి క్యూ కట్టారు. వచ్చి నిలబడ్డమే, బేరం చిలకది. మావ రేటు చెప్పకుండా వేళ్లతో చూపించి చూశాడు. వేళ్లు లేచినా "ఓలమ్మో!" అనేది.

"ఏటే, తిండి నాది, మాట ఆలదీనా?" అని మావ దాన్ని బతిమాలాడు. వారం రోజులు పచ్చిమిరపకాయ చూపిస్తూ "గిట్టదమ్మా, కొన్న రేటే అంత" అని నేర్పాడు. చిలక మిరపకాయలన్నీ తిని ఊరుకుంది.

సరే, బేరమాడే చిలకని బేరానికే తీసుకెళదామని ఒక సోమవారం సంచిలో జామకాయ వేసుకుని, దాన్ని భుజం మీద ఎక్కించుకుని అనకాపల్లి బెల్లానికి బయల్దేరాడు. బస్సులో అది ఒక్క మాట మాట్లాడలేదు. కండక్టర్ టికెట్ రేటు చెప్పినప్పుడు మాత్రం "ఓలమ్మో" అంది.

షావుకారు రేటు చెప్పాడు. మావకి ఆత్రం ఎక్కువైంది. చిలక నోరు తెరిచేలోపే, "బాబూ, కాస్త తగ్గించండి" అనేశాడు.

"గిట్టదమ్మా! కొన్న రేటే అంత!" అంది చిలక, మావ గొంతుతో.

షావుకారు కుర్చీలో వెనక్కి వాలి, కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. "నీ సిలకే సెప్పిందిగా, ఇంకేటి తగ్గించీది?"

షావుకారు చెప్పిన రేటుకే మావ బెల్లం దింపుకొచ్చాడు.

ఆ సాయంత్రమే పైడమ్మ పెద్దమ్మ వచ్చింది. జ్వరం వచ్చి పది రోజులుగా గడప దాటలేదు, చిలక సంగతి చెవిన పడిందేమో, వస్తూనే నడుం మీద చెయ్యేసుకుంది.

"ఏరా సన్నాసీ, నన్ను ఎక్కిరించడానికి సిలకని పెంచినావా?"

"లేదు పెద్దమ్మా, నీ దగ్గర సదువుకుంది. బెల్లం కేజీ అరవై."

"ఓలమ్మో! అంత రేటే!" అన్నారు పెద్దమ్మా, చిలకా ఒక్కసారే.

పెద్దమ్మ చిలక వైపు తిరిగింది. "నువ్వుండవే. యాభైకియ్యిరా."

"గిట్టదమ్మా!" అంది చిలక.

"నాకే సెప్తావా? సంతలో తక్కువే!"

"కొన్న రేటే అంత!"

"అయితే నానొల్లను, ఎల్లిపోతన్నాను!" అని పెద్దమ్మ రెండడుగులు వేసి, ఎప్పట్లాగే ఆగింది. మావ పిలవలేదు. బెల్లం అచ్చు చేత్తో పట్టుకుని అలా చూస్తూ ఉండిపోయాడు. ఆమె వెనక్కి తిరిగే దాకా ఆగి, చిలక మెడ సాచి అంది:

"నీకొద్దు, నాకొద్దు. యాభై ఐదు."

ఆ మాట దానికి ఎవరూ నేర్పలేదు. నిజానికి రోజూ ఆ ఇద్దరి బేరమూ తెగేది ఆ మాట దగ్గరే.

పెద్దమ్మ కొంగు ముడి విప్పి యాభై ఐదు లెక్కపెట్టింది. డబ్బు మావ చేతికివ్వలేదు, కాటా పళ్లెంలో చిలక ముందు పెట్టింది.

"కొసరేదే?" అంది దాన్ని.

చిలక బెల్లం అచ్చు వైపు చూసి, "సింహాద్రప్పన్నా" అంది.