2025–26 బడ్జెట్: బాగుంటే, మామూలుగా అయితే, గడ్డుకాలమైతే

హనుమకొండ, 18 మార్చి 2025

ధర్మకర్తలందరికీ నమస్కారం.

ఎంజీఎం ఆసుపత్రిలో రోగుల వెంట వచ్చినవాళ్లకు మధ్యాహ్నం అన్నం, రాత్రి బస ఇస్తున్న మన ట్రస్టుకు వచ్చే ఆదివారం (23వ తేదీ) సమావేశంలో చర్చించాల్సిన బడ్జెట్ ఇది. ఉగాదికి ముందే ఆమోదం అయిపోతే ఏప్రిల్ 1 నుంచి అమలు చేయొచ్చు. ప్రతి ఏడాదీ ఒకే అంకె పెట్టుకుని, నవంబరు వచ్చేసరికి దాతలకు ఫోన్లు చేస్తూ టెన్షన్ పడుతున్నాం. అందుకే ఈసారి మూడు లెక్కలు వేశాను. ఖర్చు మాత్రం మామూలు అంచనా ప్రకారమే మొదలుపెట్టాలి. సంతకం కాని సొమ్మును నమ్ముకుని కొత్తగా ఒక్క రూపాయి ఖర్చు కూడా నెత్తిన పెట్టుకోవద్దు. ఈ నోట్ మొత్తంలో నేను గట్టిగా అడిగేది ఇదొక్కటే.

ఆదాయం (లక్షల రూపాయల్లో)

| పద్దు | 2024–25 | బాగుంటే | మామూలుగా | గడ్డుకాలం |
|---|---|---|---|---|
| నెలవారీ చందాలు | 14.40 | 16.20 | 14.10 | 12.00 |
| ఒకరోజు అన్నదానం దాతలు | 10.80 | 13.20 | 10.80 | 8.40 |
| విదేశాల్లోని మనవాళ్లు | 10.00 | 11.00 | 7.50 | 4.00 |
| కంపెనీ సీఎస్ఆర్ | 8.00 | 12.00 | 8.00 | 0 |
| బియ్యం (కిలో రూ.42 లెక్కన) | 2.52 | 3.36 | 2.10 | 1.26 |
| దుకాణాల డబ్బాలు | 1.20 | 1.40 | 1.20 | 0.90 |
| ఎఫ్‌డీ వడ్డీ | 0.56 | 0.56 | 0.56 | 0.40 |
| మొత్తం | 47.48 | 57.72 | 44.26 | 26.96 |

2024–25 అంకెల్లో మార్చి నెల నా అంచనా. మిగతావి పుస్తకాల్లో ఉన్నవే.

మామూలు అంచనా అంటే మిగతా రెండింటికీ సగటు తీసింది కాదు. ఒక్కో పద్దులో ఎవరు ఇస్తున్నారు, ఎందుకు ఇస్తున్నారు, ఈ ఏడాది వాళ్ల పరిస్థితి ఏమిటి అని విడిగా చూసి వేసింది.

నెలవారీ చందాదారులు ఇప్పుడు 240 మంది, సగటున తలా రూ.500. ఎక్కువ మంది టీచర్లు, పెన్షనర్లు. వీళ్లు మనకు వెన్నెముక, సాధారణంగా ఆపరు. కానీ ఫిబ్రవరి 1 కేంద్ర బడ్జెట్‌లో కొత్త పన్ను విధానంలో రూ.12 లక్షల ఆదాయం దాకా పన్ను పడకుండా చేశారు. పాత విధానంలో ఉన్న మన టీచర్లలో చాలామంది ఇటు మారతారు. కొత్త విధానంలో 80జీ మినహాయింపు లేదు, కాబట్టి మన రసీదు వాళ్లకు పన్ను లెక్కలో పనికిరాదు. మన దగ్గర పన్ను కోసమే ఇచ్చేవాళ్లు తక్కువే అనుకుంటున్నాను, అందుకే మామూలు లెక్కలో ఐదుగురినే తగ్గించి 235 పెట్టాను. గడ్డు లెక్కలో 200, బాగుంటే 270.

ఒకరోజు అన్నదానానికి రూ.8,000. పోయినసారి 135 రోజులకు దాతలు దొరికారు. పుట్టినరోజులు, పెళ్లిరోజులు ఏడాది పొడుగునా వస్తాయి కానీ పెద్ద ఊపు పెత్రమాస ముందు పదిహేను రోజులది. పెద్దల పేరిట అన్నం పెట్టించాలని అప్పుడే అడుగుతారు. ఈ ఏడాది పెత్రమాస సెప్టెంబరు 21న. అంటే మొదటి నాలుగు నెలల్లో ఈ పద్దు కాస్త నీరసంగానే కనిపిస్తుంది, దాన్ని చూసి కంగారు పడనక్కర్లేదు. 2023 జూలైలో మోరంచపల్లి వరదప్పుడు మన రోజు దాతల్లో చాలామంది డబ్బు అటు పంపారు. పంపాల్సిందే. అలాంటి ఏడాది మళ్లీ వస్తే ఎలా ఉంటుందన్నదే గడ్డు లెక్కలోని 105 రోజులు.

విదేశాల్లోని మనవాళ్ల పద్దులో పావు వంతు కోశాను. ఉద్యోగాల కోత, వీసా గుబులు ఒక కారణం. రెండోది చట్టం. మనకు ఎఫ్‌సీఆర్ఏ రిజిస్ట్రేషన్ లేదు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సొంత పొదుపు నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు, తీసుకోవచ్చు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు, ఓసీఐ కార్డు ఉన్నా సరే, చట్టం దృష్టిలో విదేశీయులే. మన పాత దాతల్లో ఇద్దరు పోయిన ఏడాది పౌరులయ్యారు. సంతోషమే, కానీ వాళ్ల డబ్బు ఇక మన ఖాతాలోకి రాకూడదు. పాస్‌పోర్టు కాపీ లేకుండా ఈ పద్దులో ఏ మొత్తమూ తీసుకోవద్దని మనవి.

బియ్యం, డబ్బాలు, కొంతమేరకు అన్నదానం రోజులు కూడా ఎనుమాముల మార్కెట్ మీదే ఆధారం. ఈ సీజన్‌లో మిర్చి ధర గతేడాది కంటే బాగా పడిపోయింది. రైతు చేతిలో డబ్బు ఆడకపోతే అడ్తిదారు చేతిలో ఆడదు, దుకాణంలో మన డబ్బాలో చిల్లర పడదు. అందుకే గడ్డు లెక్కలో ఈ మూడింటినీ కలిపే తగ్గించాను. ఒకటి పడితే ఇంకొకటి ఆదుకుంటుందని లెక్క వేయడం కుదరదు, ఇవి పడితే ఒకేసారి పడతాయి. వచ్చే ఏడాది మొదట్లో మేడారం జాతర ఉంది కదా, డబ్బాలు నిండుతాయని కొందరన్నారు. నేను చేర్చలేదు. నిలువెత్తు బంగారం తూగి, బండి కిరాయి కట్టాక జనం జేబులో ఏం మిగులుతుందో మనకు తెలిసిందే.

ఇక సీఎస్ఆర్. కంపెనీ వాళ్లు నోటిమాటగా రూ.8 లక్షలు అన్నారు, రూ.12 లక్షలకు ప్రపోజల్ అడిగారు. కాగితం ఇంకా రాలేదు. కంపెనీల చట్టం ప్రకారం వాళ్లు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాలి, కాబట్టి లాభం తగ్గితే మన వాటా కూడా తగ్గుతుంది. పైగా ఆ డబ్బు మనకెప్పుడూ జనవరి–మార్చి మధ్యే వచ్చింది. మిగతావన్నీ మామూలుగానే ఉండి ఈ ఒక్కటి రాకపోతే ఆదాయం రూ.36.26 లక్షలు. అంటే ఒక్క సంతకం మీద రూ.8.88 లక్షల లోటు వేలాడుతోంది. గడ్డుకాలం రావడానికి వరదే రానక్కర్లేదు.

ఖర్చు

ఇప్పుడున్న పని ఇలాగే నడిస్తే ఏడాదికి రూ.47.50 లక్షలు కావాలి: ఎంజీఎంలో రోగుల వెంట వచ్చినవాళ్లకు రోజుకు 250 ప్లేట్లు, ప్లేటుకు రూ.32, ఏడాదిలో 310 రోజులు (24.80); వంట మాస్టర్, నలుగురు సహాయకుల జీతాలు (7.44), ట్రాలీ ఆటో (2.40), రాత్రి బస కోసం రెండంతస్తుల అద్దె, వాచ్‌మెన్లు, కరెంటు (8.28), ఆఫీసు, ఆడిట్ (3.00), దసరా బోనస్ (0.60), మరమ్మతులు, గిన్నెలు (0.98).

*మామూలు అంచనా (ఏప్రిల్ 1 నుంచి ఇదే అమలు).* ప్లేట్లు 230, మరమ్మతులకు 0.60. మొత్తం ఖర్చు రూ.45.14 లక్షలు, లోటు 0.88. అది నిల్వ నుంచి. ఇరవై ప్లేట్లే కదా అనిపిస్తుంది. కానీ పదకొండున్నరకే టోకెన్ల కోసం లైను కట్టేవాళ్లలో చివరి ఇరవై మంది ఎక్కువగా డిశ్చార్జి కాగితాల కోసం తిరిగి ఆలస్యంగా వచ్చినవాళ్లే. టోకెన్లు తగ్గించిన రోజు నుంచి వార్డు కౌంటర్ దగ్గరే పది టోకెన్లు పక్కన పెట్టే పద్ధతి తెద్దాం. రోజు దాతల దగ్గర మాత్రం రూ.8,000 అలాగే తీసుకుందాం. మిగిలేది వంటవాళ్ల జీతాలకు వెళ్తుందని రసీదు మీద రాద్దాం.

*గడ్డు అంచనా (ఆగస్టు 1 నుంచి, అవసరమైతే).* ప్లేట్లు 150. వంటలో ఒక సహాయకుడు తక్కువ. బసలో పై అంతస్తు ఖాళీ, అద్దె 35,000 నుంచి 20,000కి. ఇంటి యజమానికి రెండు నెలల ముందు చెప్పాలి కాబట్టి మే నెలాఖరులోనే షరతుతో కూడిన నోటీసు ఇవ్వాలి. అకౌంటెంట్ సగం పూట. ఆడిట్ ఫీజు, దసరా బోనస్ ముట్టుకోను. మొదటి నాలుగు నెలలకు 14.85, తర్వాతి ఎనిమిది నెలలకు 21.70, మొత్తం 36.55. ఆదాయం 26.96. లోటు రూ.9.59 లక్షలు.

మన నిల్వ: ఎఫ్‌డీ 8.00, సేవింగ్స్ 3.40, కలిపి 11.40. గడ్డు ఏడాది గడిచాక మిగిలేది 1.81. కోత పెట్టిన ఖర్చుతో కూడా అది నెల రోజులకు చాలదు. కాబట్టి రెండో మెట్టు కూడా ఉండాలి. అక్టోబరు 31 నాటికి సీఎస్ఆర్ లేఖ రాకపోతే రెండు దారులు. డిసెంబరు నుంచి బస పూర్తిగా మూసేస్తే నాలుగు నెలలకు రూ.2 లక్షలు మిగులుతాయి. లేదా ప్లేట్లు 100కు దించితే సుమారు 1.65 మిగులుతాయి. నా ఓటు రెండోదానికి. మధ్యాహ్నం అన్నం పెట్టేవాళ్లు ఆసుపత్రి చుట్టూ ఇంకొందరున్నారు. డిసెంబరు చలిలో వరండాలో పడుకునే తల్లికి మంచం ఇచ్చేవాళ్లు తక్కువ. మీ అభిప్రాయం వేరైతే ఆదివారం చెప్పండి, ఇది ఓటింగ్‌కు పెట్టాల్సిన విషయమే.

*బాగుంటే.* ఖర్చు 47.50, మిగులు 10.22. ఇదంతా ఎఫ్‌డీలో వేద్దామంటే చట్టం అడ్డొస్తుంది. ట్రస్టు ఆదాయంలో 85 శాతం ఆ ఏడాదే మన పనులకు ఖర్చు కావాలి. ఊరికే దాచుకోగలిగేది 15 శాతం, అంటే 8.66. పైన మిగిలే 1.56ను తర్వాతి ఏళ్లకు వాడుకోవడానికి ఫారం 10 పెట్టే దారి ఉంది కానీ, వంటకు స్టీమ్ పాత్రలు రూ.2.50 లక్షలకు కొంటే నయం. అదీ ఖర్చు కిందే లెక్క, గ్యాస్ కూడా కలిసొస్తుంది. మిగతా 7.72 నిల్వకు. జీతాలు పెంచడం, కొత్త మంచాలు వేయడం లాంటి ఏటా వచ్చే ఖర్చులు మాత్రం ఈ ఒక్క మంచి ఏడాదిని చూసి మొదలుపెట్టొద్దు.

ఎప్పుడు ఏ లెక్కలోకి మారాలి

చందాలు, రోజు దాతలు, డబ్బాలు: ఈ మూడే నెలనెలా వచ్చేవి. మామూలుగా అయితే జూలై 31 నాటికి ఇవి కలిపి 8.70 రావాలి, గడ్డుకాలంలో 7.10. మధ్యలో 7.90. పెత్రమాస ఇంకా రాలేదు కాబట్టి గీతను 7.50 దగ్గర గీశాను. అంతకంటే తగ్గితే సమావేశం కోసం ఆగకుండా ఆగస్టు 1 నుంచి గడ్డు బడ్జెట్ అమలవ్వాలి. 9.50 దాటి, సీఎస్ఆర్ సంతకం కూడా అయితేనే 250 ప్లేట్లకు వెళ్దాం. రెండింటి మధ్య ఉంటే ఇప్పటిలాగే.

డబ్బు చేతికొచ్చే సమయం గురించి ఒక్క మాట. మామూలు లెక్కలో కూడా డిసెంబరు చివరికి ఖర్చు 34.00, సీఎస్ఆర్ కాకుండా రాబడి నెలనెలా సమంగా వచ్చిందనుకుంటే 27.20. సేవింగ్స్ అయిపోయి ఇంకో 3.40 కావాలి. అప్పుడు ఎఫ్‌డీ విరగ్గొట్టకుండా దాని మీద ఓవర్‌డ్రాఫ్ట్ తీసుకుందాం. సాధారణంగా ఎఫ్‌డీ వడ్డీ కంటే ఒకటి, రెండు శాతం ఎక్కువ పడుతుంది, రెండు మూడు నెలలకు అది భరించగలం.

ఆదివారం ఆమోదించాల్సినవి

రూ.45.14 లక్షల మామూలు బడ్జెట్, 7.50 గీత, దానితో పాటు ఆగస్టు 1 మార్పుకు కార్యదర్శికి, నాకు అధికారం; బస అద్దెకు మే నోటీసు; ఓవర్‌డ్రాఫ్ట్‌కు బ్యాంకు తీర్మానం, గరిష్ఠం రూ.4 లక్షలు; బస, ప్లేట్లలో రెండో మెట్టు ఏదన్నది. 2024–25 దాతల వివరాలతో ఫారం 10బీడీ మే 31లోపు దాఖలు చేయాలి, కాబట్టి ఎవరి దగ్గరైనా చేతిరాత రసీదు పుస్తకాలు మిగిలి ఉంటే సమావేశానికి తెచ్చివ్వండి.

కోశాధికారి