విషయం: నవంబర్ సేల్‌లో మేమిచ్చే ఆఫర్లు, అన్ని సైట్లలో ఒకే రేటు గురించి

అకౌంట్ మేనేజర్ గారికి,

నమస్కారం. సోమవారం మీరు పంపిన మెయిల్ అందింది. మా హోటల్ డీలక్స్ గది వేరే బుకింగ్ సైట్‌లో మీ సైట్ కంటే తక్కువకు దొరుకుతోందని రాశారు. నవంబర్ సేల్‌లో 20 శాతం డిస్కౌంట్‌తో చేరమని కూడా అడిగారు. ఈ రెండూ ఒకదానితో ఒకటి ముడిపడినవే కాబట్టి కలిపి జవాబిస్తున్నాను.

ముందుగా ఆ తక్కువ రేటు సంగతి. ఆ సైట్‌తో మాకు ఏ ఒప్పందమూ లేదు. అందుకే అక్కడ ఒక టెస్ట్ బుకింగ్ చేసి, వచ్చిన వోచర్‌ని బట్టి ఆ గది ఎవరి ద్వారా వచ్చిందో కనుక్కున్నాం. టూర్ ప్యాకేజీల కోసం ఒక హోల్‌సేలర్‌కి ఇచ్చిన నెట్ రేటు చేతులు మారి, అక్కడ విడి గదిగా అమ్ముడవుతోంది. ప్యాకేజీలో కలిపి తప్ప విడిగా అమ్మకూడదని వాళ్ల ఒప్పందంలో స్పష్టంగా ఉంది. వాళ్లకు నోటీసు ఇచ్చి, డీలక్స్ గదులు వాళ్లకు కనిపించకుండా మూసేశాం. ఈ రోజు ఉదయం చూసేసరికి ఆ సైట్‌లో ఆ రేటు లేదు. దయచేసి మీ వైపు కూడా ఒకసారి సరిచూసి, మా లిస్టింగ్ మీద పెట్టిన హెచ్చరిక తీసేయండి.

ఇక మీ సైట్‌లో మా రేటు సంగతి. దీని గురించి కాస్త వివరంగానే చెప్పాలి. మీ ఎక్స్‌ట్రానెట్‌లో మేము మూడు ఆఫర్లు పెట్టాం: ముందస్తు బుకింగ్‌కి 15 శాతం, సభ్యులకు 10, మొబైల్‌కి 10. వీటిలో ఏదో ఒకటే వర్తిస్తుందన్న ఉద్దేశంతో ఇచ్చాం. కానీ లాగిన్ అయి ఫోన్‌లో చూస్తే మూడూ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. అసలు రేటు 100 అనుకుంటే అతిథికి కనిపించేది 68.85. అందులో మీ కమీషన్ 18 శాతం పోగా మాకు చేరేది 56 చిల్లర. దీనికి తోడు కొన్ని వారాంతాల్లో మీరు మీ కమీషన్‌లోంచి ఇంకొంత తగ్గించి, లాగిన్ అవసరం లేకుండా అందరికీ చూపిస్తున్నారు. ఆ డబ్బు మీదే కాబట్టి మాకు నష్టం లేదని మీ టీమ్ ఫోన్‌లో అన్నారు. నష్టం ఉంది. మా సైట్‌లో బుక్ చేసుకున్న అతిథి పక్క గదివాళ్లు కట్టింది ఎంతో తెలిసి ఫ్రంట్ డెస్క్ దగ్గర ఫోన్ చూపించి అడిగితే, జవాబు చెప్పాల్సింది మా వాళ్లే. మిగతా పార్టనర్లు కూడా వెంటనే మీ రేటు చూపించి, తమకూ అంతే ఇవ్వమంటున్నారు. అలా ఒకరిని చూసి ఒకరు తగ్గించుకుంటూ పోతే సీజన్‌లో కూడా గదికి సరైన రేటు నిలవదు.

డిస్కౌంట్ ఇవ్వడం మాకు ఇష్టం లేక ఇదంతా చెప్పడం లేదు. మీ ద్వారా వచ్చే బుకింగులు మాకు చాలా ముఖ్యం. నవంబర్ 3 నుంచి 28 వరకు ఆదివారం నుంచి గురువారం దాకా రాత్రులకు, డబ్బు వాపసు లేని ప్లాన్ మీద 20 శాతం ఇస్తాం. మూడు రాత్రులు, అంతకు మించి ఉండేవాళ్లకు శుక్ర, శనివారాలు కూడా ఇందులోకి వస్తాయి. ఉచితంగా రద్దు చేసుకునే ప్లాన్‌కి మాత్రం 10 శాతమే. ఇవే ఆఫర్లు, ఇవే తేదీలు, ఇవే షరతులతో మా సొంత సైట్‌లోనూ మిగతా పార్టనర్ల దగ్గరా ఉంటాయి. మీ కంటే తక్కువ రేటు మేము బహిరంగంగా ఎక్కడా పెట్టం.

దానికి బదులుగా మీ నుంచి కోరేది ఇది. అన్నిటికంటే పెద్ద డిస్కౌంట్ ఒక్కటే వర్తించేలా సెట్టింగ్ మార్చండి. సభ్యుల రేటు లాగిన్ అయినవాళ్లకే కనబడాలి, గూగుల్‌లో గానీ రేట్లు పోల్చే ఇతర సైట్లలో గానీ రాకూడదు. మీ కమీషన్‌లోంచి తగ్గించాలనుకుంటే ముందుగా మెయిల్ చేసి, మేము ఒప్పుకున్న తర్వాతే తగ్గించండి.

మరొకటి, రేట్లు పోల్చేటప్పుడు ఒకే గది రకం, ఒకే రద్దు షరతు, పన్నుతో కలిపిన మొత్తం చూడమని మీ రేట్ చెకింగ్ టీమ్‌కి చెప్పండి. పోయిన నెల వచ్చిన హెచ్చరికల్లో కొన్ని, ఒక వైపు పన్ను కలిపి, మరో వైపు కలపకుండా చూడటం వల్ల వచ్చినవే.

ఈ మార్పులు గురువారం సాయంత్రానికి పూర్తయితే, శుక్రవారం ఉదయం 11 గంటలకు ఇద్దరం కాల్‌లో ఉండి లాగిన్‌తోనూ, లాగిన్ లేకుండానూ, ఫోన్‌లోనూ కంప్యూటర్‌లోనూ ఒకే తేదీకి రేటు చూద్దాం. అన్నీ సరిపోతే అప్పటికప్పుడే సేల్ రేట్లు ఛానల్ మేనేజర్ నుంచి పంపిస్తాం. అప్పటి వరకు సేల్ పేజీలో మా హోటల్ పేరు పెట్టకండి. మూడు ఆఫర్లలో మొబైల్, సభ్యుల డిస్కౌంట్లను ఈ రాత్రి నుంచి తాత్కాలికంగా ఆపుతున్నాం. ఇప్పటికే బుక్ చేసుకున్న అతిథులందరికీ వాళ్లు చూసిన రేటే వర్తిస్తుంది, అందులో మార్పేమీ ఉండదు.

ఇట్లు,
రెవెన్యూ మేనేజర్
రిజర్వేషన్స్ విభాగం