సమీక్షకుల నివేదిక: ‘మల్కనగిరి కోయలో ఒక కొత్త విభక్తి’

సంపాదకులకు నమస్కారం.

మీరు పంపిన వ్యాసాన్ని, ఉదాహరణల పట్టికను, చివర జతచేసిన కథల పాఠాన్ని చదివాను. ఇప్పుడున్న రూపంలో దీన్ని ప్రచురించవద్దు. పెద్ద సవరణలు చేసి మళ్లీ పంపమని రచయితను కోరండి. తిరస్కరించమని మాత్రం అనను. సేకరించిన సామగ్రి విలువైనది, దాని మీద కట్టిన వాదమే బలహీనంగా ఉంది. ఇక్కడి నుంచి రాసేదంతా రచయితకు యథాతథంగా పంపవచ్చు.

వ్యాసం చెబుతున్నది ఇది. మల్కనగిరి జిల్లా దక్షిణపు కొసన, మోటు, కలిమెల పరిసరాల్లో మాట్లాడే కోయలో నామాల చివర ‘-ఎంట’ అనే రూపం వినిపిస్తోంది. ‘అర్రెంట’ అంటే దారి పొడవునా, ‘నాటెంట’ అంటే ఊరి మీదుగా. ఇది ఇంతవరకు ఎవరూ గుర్తించని విభక్తి అని, మూల ద్రావిడంలో గానీ గోండీ, కోయ వ్యాకరణాల్లో గానీ దీనికి జోడు లేదని, ఒడియా ప్రభావం వల్ల వచ్చింది కూడా కాదని, అందువల్ల కోయ తనంతట తాను సృష్టించుకున్నదని రచయిత నిర్ణయించారు. దానికి ‘అనుమార్గ విభక్తి’ అని పేరు కూడా పెట్టారు. పేరు బాగుంది.

మొదటి అభ్యంతరం ఏమిటో తెలుగు పాఠకులకు వివరించనక్కరలేదు. ‘దారెంట’, ‘గట్టెంట’, ‘ఏటెంట’ అని మన పల్లెల్లో రోజూ వినిపించే మాటలను ఈ ఉదాహరణల పక్కన పెట్టి చూడండి. ‘వెంట’లోని వకారం పోయి, ముందు మాట చివరి అచ్చు లోపించి, రెండూ అతుక్కుపోయిన రూపమే అది. రచయిత సంపర్క భాషగా ఒడియాను ఒక్కదాన్నే లెక్కలోకి తీసుకున్నారు. జిల్లా ఒడిశాలో ఉంది కాబట్టి బడి, కచేరీ భాష ఒడియాయే. కానీ మోటు ఉన్నది సీలేరు, శబరి కలిసే చోట. ఒక ఒడ్డున ఆంధ్ర, ఇంకో ఒడ్డున ఛత్తీస్‌గఢ్. శబరి అక్కడి నుంచి దిగువకు సాగి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. ఆ దారి పొడవునా కోయ ఊళ్లున్నాయి, తెలుగు మాట్లాడేవాళ్లూ ఉన్నారు. పెళ్లి సంబంధాలు, సంతలు, కూలి పనులు రాష్ట్ర సరిహద్దు చూసి నడవవు. కలిమెల సంతలో ఓ పూట నిలబడితే తెలుగు, ఒడియా, దేశియా, దండకారణ్య ప్రాజెక్టు కింద వచ్చి స్థిరపడినవారి బెంగాలీ అన్నీ చెవిన పడతాయి. అటువంటి చోట సంపర్క భాషల జాబితాలో తెలుగు లేకపోవడం చిన్న లోటు కాదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ‘ఎంట’ తెలుగు నుంచి వచ్చిందని తేలితే విభక్తి వాదం కూలిపోతుందని నేను అనడం లేదు. అరువు వచ్చిన మాట విభక్తి కాకూడదని ఏ నియమమూ లేదు. తెలుగులో ‘తో’ ఎక్కడి నుంచి వచ్చింది? ‘తోడు’ అనే నామం ‘తోడన్’ అయి, అరిగి ‘తో’ అయి, ఇప్పుడు నామానికి అంటిపెట్టుకుని ఉంది. ‘ఎంట’ కూడా కోయలో ఆ దారిన పడి ఉండవచ్చు. అప్పుడు ఈ వ్యాసం విలువ తగ్గదు సరికదా, పెరుగుతుంది. పొరుగు భాష నుంచి వచ్చిన పదం కొత్త ఇంట విభక్తిగా మారుతుండగా పట్టుకున్న సందర్భం అవుతుంది. కానీ ఆ సంగతి నిరూపించాలి. నామానికి అతుక్కుని పలుకుతున్నారు కాబట్టి విభక్తే అంటే చాలదు.

రచయిత చూపిన ప్రధాన ఆధారం ఔపవిభక్తికం. ‘నార్’ అనే మాటకు ‘ఎంట’ చేరినప్పుడు ‘నారెంట’ కాకుండా ‘నాటెంట’ అవుతోంది, అంటే విభక్తి ప్రత్యయాలు చేరే అంగానికే ఇదీ చేరుతోంది, కాబట్టి ఇదీ విభక్తే అన్నది వాదం. ఈ వాదం నిలవదు. తెలుగులో ‘ఏరు’ అనే మాటనే తీసుకోండి. ఏటికి, ఏటిలో అన్నట్టే ఏటి పక్కన, ఏటి అవతల, ఏటి వెంట అంటాం. ‘పక్కన’, ‘అవతల’ విభక్తులని ఈ ఆధారంతో ఎవరూ అనరు. ద్రావిడ భాషల్లో ఔపవిభక్తికాంగం విభక్తి ప్రత్యయాల ముందే కాదు, వాటి స్థానంలో వచ్చే విడి మాటల ముందూ వస్తుంది, షష్ఠ్యర్థంలో ఒంటరిగానూ వస్తుంది. కాబట్టి ‘నాట్-’ అనే అంగం కనబడటం వల్ల ప్రత్యయానికీ పరపదానికీ మధ్య తేడా తేలదు. వ్యాసంలో ఆరు పేజీలు నడిచిన విభాగమంతా దీని మీదే ఆధారపడి ఉంది. దాన్ని ఒక పేరాకు కుదించి, ఆ స్థలాన్ని అసలు పరీక్షలకు ఇవ్వాలి.

బాలవ్యాకరణం ప్రస్తావన గురించి కూడా చెప్పాలి. పంచమికి ‘వలనన్, కంటెన్, పట్టి’ అని చిన్నయ సూరి చెప్పారు కదా, ‘పట్టి’ విభక్తి అయినప్పుడు ‘ఎంట’ ఎందుకు కాకూడదని రచయిత అడిగారు. చిన్నయ సూరి పని వేరు. సంస్కృతంలో ఉన్న విభక్తుల గూళ్లకు తెలుగులో ఏ మాటలు సరిపోతాయో ఆయన చూపారు. ‘కూర్చి, గురించి’ ద్వితీయలో చేరింది అందుకే. ఆ కొలతతో లెక్కపెడితే దాకా, గుండా, మీదుగా, బదులు అన్నీ విభక్తులే అవుతాయి, ఇక కొత్త విభక్తిని కనిపెట్టడం ఏ మధ్యాహ్నమైనా చేయగల పని అవుతుంది. ఆ పేరా తీసేయడమే మంచిది.

మరి ఏ పరీక్షలు కావాలి? ప్రత్యయాన్ని, ఆనుకుని పలికే విడి మాటను వేరుచేయడానికి జ్వికీ, పుల్లమ్ 1983లో చెప్పిన కొలమానాలు చాలామందికి తెలిసినవే. వాటిలో కోయకు అన్వయించేవి కొన్నే ఉన్నా, అవి నిర్ణాయకం. రెండు నామాలను కలిపినప్పుడు ‘ఎంట’ రెండింటికీ చేరాలా, చివరిదానికి ఒక్కటే చాలా? తెలుగులో ‘ఊరికీ అడవికీ’ అనాలి, కానీ ‘ఊరి, అడవి మధ్య’ అని ఒక్కసారే అనవచ్చు. రచయిత ఇచ్చిన ముప్పై ఒకటో ఉదాహరణలో రెండు నామాలకు ఒకే ‘ఎంట’ ఉంది. అది ఆయన వాదానికి అడ్డంగా నిలుస్తోంది, కానీ దాని కింద ఒక్క వ్యాఖ్య కూడా లేదు. అలాగే సర్వనామాలు. ‘నన్న’ వంటి మాటకు ఇది చేరుతుందా, చేరితే అర్థం ఏమిటి? పట్టికలో సర్వనామం ఒక్కటీ లేదు. ‘ఎంట’ వాక్యంలో ఒంటరిగా, మన ‘వెంట తెచ్చుకున్నాడు’లో లాగా, నిలబడగలదా? దాని మీద ఇంకో విభక్తి ప్రత్యయం చేరుతుందా? చివరి అచ్చు లోపం ‘ఎంట’ ముందు మాత్రమే జరుగుతుందా, అచ్చుతో మొదలయ్యే ఏ మాట ముందైనా జరుగుతుందా? చివరి ప్రశ్నకు జవాబు లేకుండా ‘అర్రెంట’ అనే ఒక్క రూపం ఏదీ చెప్పలేదు.

అనుబంధంలోని రెండో కథను రచయిత మరోసారి వినాలి. ఏనుగుల మంద ఊరి మీదుగా వెళ్లిన సంగతి చెబుతూ ఆ పెద్దాయన ‘నాటి’ అని ఆగి, లిప్యంతరీకరణలో మూడు చుక్కలు పెట్టేంత సేపు ఊపిరి తీసుకుని, ‘ఎంట’ అన్నారు. వ్యాసం లోపలికి వచ్చేసరికి అదే వాక్యం ‘నాటెంట’ అయింది, చుక్కలు మాయమయ్యాయి. మన భాషలో ‘ఊరి’ అని ఆగి ‘కి’ అని ఎవరూ మొదలుపెట్టరు, ‘ఊరి’ అని ఆగి ‘వెంట’ అంటారు. ఈ ఒక్క చోటు వల్ల విషయం తేలిపోతుందని అనను, ముసలివారు ఎక్కడైనా ఆగుతారు. కానీ ఉదాహరణను వ్యాసంలోకి తెచ్చేటప్పుడు దాని విరామాన్ని చెరిపేయడం సరికాదు. మూల ధ్వనిముద్రణను సంపాదకులకు అందజేయాలి.

సేకరణ పద్ధతిలో కూడా ఒక పెద్ద చిక్కు ఉంది. అది పాదసూచికలో దాక్కుంది. ప్రశ్నావళి వాక్యాలను కోయవారికి వినిపించింది మోటుకు చెందిన ఒక ఉపాధ్యాయుడు, తెలుగులో. ‘వాడు దారి వెంట నడిచాడు, కోయలో ఎలా అంటారు?’ అని అడిగితే ‘అర్రెంట’ అని రావడంలో వింత ఏముంది? ప్రశ్నే జవాబును నోటికి అందిస్తోంది. పట్టికలో అధిక భాగం ఇలా రాబట్టిన వాక్యాలే, కథల్లోంచి సహజంగా దొరికినవి నాలుగే. అవే బంగారం. వాటిని ముందు పెట్టాలి. కొత్త వాక్యాలు కావాలంటే మాట లేకుండా బొమ్మలు చూపి అడగాలి, లేదా దారులు, చేపల వేట, వాగు దాటడం వంటి విషయాల మీద వారినే మాట్లాడించి వినాలి.

ఇక నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించినది రచయిత దాటవేసిన విషయం. ఆ నాలుగు సహజ ఉదాహరణల్లో ‘ఎంట’ దారి, ఊరు, గట్టు వంటి చోట్లకే చేరింది, మనుషులకు ఒక్కసారీ చేరలేదు. తెలుగు ‘వెంట’ ప్రధానంగా మనుషులతో కలిసి తిరుగుతుంది: ‘అమ్మ వెంట’, ‘నా వెంట’. కోయ తీసుకున్నది చోటు అర్థాన్ని మాత్రమేనా? మనుషులతో వెళ్లడం చెప్పడానికి తన సొంత రూపాన్నే నిలుపుకుందా? నాలుగు వాక్యాలతో తేల్చలేం, కానీ ఇది నిజమైతే అరువు మాట కొత్త భాషలో ఇరుకైన, స్థిరమైన పనికి కుదురుకుంటున్నదన్నమాట. విభక్తిగా మారుతోందని వాదించదలిస్తే బలమైన మెట్టు ఇక్కడ ఉంది, అంగంలో లేదు.

విభక్తి పరిధి ఎంత అన్నదీ చూపాలి. ఫిన్నిష్‌లో ‘-ట్సె’ అనే రూపం ఉంది: పోస్టిట్సె అంటే టపా ద్వారా, మెరిట్సె అంటే సముద్రమార్గాన. కొన్ని మాటలకే పరిమితమైనందువల్ల వ్యాకర్తలు దాన్ని ఎక్కువగా క్రియావిశేషణ నిర్మాణంగా చూస్తారు, విభక్తుల పట్టికలో కూర్చోబెట్టరు. ‘ఎంట’ ఏ నామానికైనా చేరుతుందా, చేరని నామాలు ఏవి అన్న పట్టిక ఇవ్వాలి. చేరని మాటలు దొరికితే దాచనక్కరలేదు.

పోలికల విషయంలో, గొమ్ము కోయ మీద టైలర్ వ్యాకరణం 1969లోనే వచ్చింది, ఆదిలాబాద్ గోండీ మీద పి.ఎస్. సుబ్రహ్మణ్యం వర్ణనాత్మక వ్యాకరణం 1968లో వచ్చింది. ‘ఇంతవరకు గుర్తించని’ అనే ముందు ఆ రెంటిలోని విభక్తి పట్టికలను, మార్గార్థంలో వాడే మాటలను వరుసగా ఎదురెదురుగా పెట్టి చూపాలి. ఇప్పుడు వ్యాసంలో టైలర్ పేరు ఒక్కసారి వస్తుంది, అదీ జనాభా గురించి.

చిన్న విషయాలు: దీర్ఘాలు కొన్నిచోట్ల ఉన్నాయి, కొన్నిచోట్ల లేవు. ఒకే మాట ‘అర్రి’ అనీ ‘హర్రి’ అనీ వచ్చింది, అది మాండలిక భేదమా, రాతలో తప్పా తెలియజేయాలి. కథ చెప్పినవారి ఊరు, వయసు, ఫోటో ఒకేచోట వేశారు. వారి అనుమతి ఉందో లేదో రాయలేదు, లేకపోతే ఫోటో తీసేయాలి.

శీర్షికలో ‘కొత్త విభక్తి’ అన్నచోట ‘మార్గార్థక ఎంట’ అంటే సవరించిన వ్యాసానికి సరిపోతుంది. పైన అడిగిన పరీక్షల్లో సగం విభక్తి వైపు మొగ్గినా శీర్షిక పాతదే ఉంచడానికి నాకు అభ్యంతరం లేదు. సవరించిన ప్రతిని చూడడానికి నేను సిద్ధమే, కానీ ధ్వనిముద్రణ లేకుండా వస్తే పంపవద్దు.